ఎలాగూ వచ్చేవాళ్ల కోసం ఎంత ఖర్చు?

గుంటూరు నుంచి ఆన్‌లైన్‌లో పచ్చళ్లు అమ్మే ఒక దుకాణం ఉందనుకుందాం. బెంగళూరులో ఉండే ఒకావిడ మూడేళ్లుగా ఆవకాయ, గోంగూర అక్కడినుంచే తెప్పించుకుంటున్నారు. సీసా ఖాళీ అయింది. ఫోను తీసి గూగుల్‌లో ఆ దుకాణం పేరే కొట్టారు. అన్నిటికంటే పైన ఆ దుకాణం ఇచ్చుకున్న ప్రకటన కనబడింది, దాని కింద అదే దుకాణం వెబ్‌సైటు మామూలు లింకు కనబడింది. పైనున్నదాని మీద వేలు పెట్టారు. ఆర్డరు వెళ్లింది. ఆ ఒక్క క్లిక్‌కి దుకాణం గూగుల్‌కి డబ్బు కట్టింది. నెలాఖరు నివేదికలో ఆ ఆర్డరు ప్రకటన తెచ్చిన అమ్మకాల్లో చేరింది.

ప్రకటన లేకపోయినా ఆవిడ కింది లింకు నొక్కి అదే ఆవకాయ కొనేవారు. దుకాణం పేరు తెలుసు కాబట్టే కదా పేరు పెట్టి వెతికారు! అంటే ఆ క్లిక్‌కి పెట్టిన డబ్బు కొత్త గిరాకీని తేలేదు. ఇలాంటివాళ్లు నెలకి పదిమందే అయితే పట్టించుకోనక్కర్లేదు. వందల్లో ఉంటే మాత్రం ప్రకటనల బడ్జెట్‌లో పెద్ద భాగం ఇంటికి వచ్చే చుట్టాలకే దారిఖర్చులిచ్చి పిలిపించుకున్నట్టు అయిపోతుంది.

ఈ అనుమానాన్ని పెద్ద ఎత్తున పరీక్షించి చూసిన సంస్థ అమెరికాలోని ఈబే. 2012లో ఆ కంపెనీ యాహూ, ఎంఎస్ఎన్ సెర్చ్‌లలో తన పేరుతో వెతికేవాళ్లకి చూపించే ప్రకటనలు ఆపేసింది, గూగుల్‌లో మాత్రం ఉంచింది. ఆపేసిన చోట ప్రకటనల ద్వారా రావలసిన రాకపోకల్లో 99.5 శాతం మామూలు లింకుల మీదుగా వచ్చేశాయి. ఆ తర్వాత, పేరుతో కాకుండా వస్తువుల పేర్లతో వెతికేవాళ్లకి ఇచ్చే ప్రకటనల్ని కూడా దేశంలోని కొన్ని ప్రాంతాల్లో ఆపి, ఆపని ప్రాంతాలతో అమ్మకాలు పోల్చింది. ఈ ప్రయోగాల మీద టామ్ బ్లేక్, క్రిస్ నోస్కో, స్టీవెన్ టడెలిస్ రాసిన పరిశోధన పత్రం 2015లో ఎకనోమెట్రికా పత్రికలో వచ్చింది. అందులో తేలిన ముఖ్యమైన సంగతి ఇది: కొత్తవాళ్ల మీద, అరుదుగా కొనేవాళ్ల మీద ప్రకటన పనిచేసింది. తరచుగా కొనేవాళ్ల కొనుగోళ్లలో దానివల్ల మార్పేమీ రాలేదు. ప్రకటనల ఖర్చులో ఎక్కువ భాగం మాత్రం ఆ తరచుగా కొనేవాళ్ల మీదే పోతోంది.

అది ప్రపంచమంతా ఎరిగిన పేరు కాబట్టి అలా తేలిందని, చిన్న దుకాణానికి అది వర్తించదని అనేవాళ్లున్నారు. కొంత నిజమే. మన పచ్చళ్ల దుకాణం తన పేరు మీద ప్రకటన పూర్తిగా మానేస్తే ఆ చోటును పోటీ దుకాణం కొనుక్కుని పైకి రావచ్చు. అందుకే అందరికీ ప్రకటన ఆపెయ్యడం కాకుండా, నిలకడగా కొనేవాళ్లకి మాత్రమే ఆపే మార్గం కావాలి. అలా ఆపాలంటే వాళ్లెవరో ప్రకటనల కంపెనీకి తెలియాలి. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

దుకాణం దగ్గర కొనుగోలుదార్ల ఈమెయిళ్లు, ఫోను నంబర్లు ఉంటాయి. ఫేస్‌బుక్ దగ్గరా గూగుల్ దగ్గరా తమ ఖాతాదార్ల ఈమెయిళ్లు, ఫోను నంబర్లు ఉంటాయి. రెండు జాబితాలనీ పక్కపక్కన పెట్టి ఎవరు ఎవరో పోల్చుకోవడమే పని. ఫేస్‌బుక్ ఈ సదుపాయాన్ని 2012లో కస్టమ్ ఆడియెన్సెస్ పేరుతో తెచ్చింది. గూగుల్ 2015లో కస్టమర్ మ్యాచ్ అని తెచ్చింది. దుకాణం తన జాబితాను ఒక ఫైలుగా అప్‌లోడ్ చేస్తుంది. కంపెనీ దాన్ని తన ఖాతాలతో పోల్చి, దొరికినవాళ్లతో ఒక గుంపు తయారుచేస్తుంది. ఆ గుంపుకే ప్రకటన చూపించమని చెప్పవచ్చు, ఆ గుంపుకి చూపించవద్దని కూడా చెప్పవచ్చు. చూపించవద్దని చెప్పడానికి వాడే జాబితానే ఈ రంగంలో సప్రెషన్ లిస్ట్ అంటారు. మనం మినహాయింపు జాబితా అందాం.

జాబితాను ఉన్నదున్నట్టుగా పంపరు. ప్రతి ఈమెయిల్‌నీ, ప్రతి నంబరునీ ముందుగా హ్యాష్ చేస్తారు. హ్యాష్ అంటే అక్షరాలని ఒక గణిత ప్రక్రియలో వేసి, ఎంత పొడుగు మాటకైనా ఒకే పొడుగున్న గుర్తు తీయడం. ఇక్కడ వాడేది ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతి. దీన్లోంచి ఎప్పుడూ 64 అక్షరాల గుర్తే వస్తుంది. కంప్యూటరులో ఒక చిన్న మాట మీద చేసి చూస్తే ఇలా ఉంటుంది:

```
$ printf 'hello' | sha256sum
2cf24dba5fb0a30e26e83b2ac5b9e29e1b161e5c1fa7425e73043362938b9824  -
$ printf 'Hello' | sha256sum
185f8db32271fe25f561a6fc938b2e264306ec304eda518007d1764826381969  -
```

మొదటి అక్షరం చిన్నదా పెద్దదా అన్న ఒక్క తేడాకి మొత్తం గుర్తే మారిపోయింది. రెంటికీ పోలికే లేదు. అదే మాటని అదే విధంగా ఎక్కడ ఎవరు వేసినా మాత్రం అదే గుర్తు వస్తుంది. గుంటూరులో దుకాణం చేసినా, అమెరికాలో గూగుల్ చేసినా ఒకటే. అందుకే ఈమెయిల్ చూపించుకోకుండా గుర్తులు మాత్రమే పోల్చుకోవడం వీలవుతోంది. ఈ గుర్తుని వెనక్కి నడిపి మాటని రాబట్టే సూత్రం లేదు. మిరపకాయల్ని దంచి కారం చేశాక మళ్లీ కాయలు కానట్టే.

ఇక్కడ ఆగి ఒక సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది వ్యాపారులు ఇక్కడే పొరపడతారు. ‘హ్యాష్ చేశాం కాబట్టి ఎవరి వివరాలూ బయటికి పోలేదు’ అంటారు. అది నిజం కాదు. వెనక్కి నడపలేకపోవచ్చు గాని, ముందుకి నడిపి పట్టుకోవచ్చు. భారతదేశంలో మొబైల్ నంబర్లు పది అంకెలు, మొదటిది 6 నుంచి 9 లోపు. అంటే సాధ్యమైన నంబర్లన్నీ కలిపి 400 కోట్లు. ఈ రోజుల్లో ఆటలాడే కంప్యూటర్లలో వేసుకునే మంచి గ్రాఫిక్స్ కార్డు ఒకటి సెకనుకి వందల కోట్ల హ్యాష్‌లు చేస్తుంది. నంబర్లన్నిటికీ హ్యాష్‌లు తీసి పెట్టుకుని, చేతిలో ఉన్న గుర్తు వాటిలో ఏది అని వెతికితే కొద్ది సెకన్లలో నంబరు దొరుకుతుంది. పాస్‌వర్డులు దాచేటప్పుడు ఈ ఎత్తు పారకుండా ప్రతి దానికీ వేరే తోక కలిపి హ్యాష్ చేస్తారు. జాబితాలు పోల్చేటప్పుడు ఆ పని చెయ్యలేం. రెండు వైపులా ఒకే గుర్తు రావాలి కదా. అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2012లోనే హ్యాష్ చేసినంత మాత్రాన వివరాలు అనామకం కావని రాసింది, 2024లో మళ్లీ అదే మాటని ఇంకా గట్టిగా చెప్పింది.

అసలు ఆలోచించి చూడండి, ఈ ఏర్పాటు లక్ష్యమే మనిషిని గుర్తుపట్టడం. గూగుల్ దగ్గర ఇప్పటికే ఉన్న ఖాతాల హ్యాష్‌లతో పోల్చి, ఫలానా ఖాతా మీ కస్టమరుది అని తేల్చడానికే అప్‌లోడ్ చేస్తున్నాం. హ్యాష్ వల్ల దక్కే రక్షణ వేరే చోట ఉంది. దారిలో ఆ ఫైలు ఎవరి చేతిలోనైనా పడితే వాళ్లకి ఈమెయిళ్లు తేరగా దొరకవు. కంపెనీ దగ్గర ఖాతా లేని మనుషుల ఈమెయిళ్లు ఆ కంపెనీకి నేరుగా తెలియవు. అంతవరకే.

ఇప్పుడు మన పచ్చళ్ల దుకాణం ఈ పనికి దిగిందనుకోండి. ఆర్నెల్లలో రెండుసార్లో అంతకంటే ఎక్కువగానో కొన్నవాళ్లని నిలకడ గిరాకీగా లెక్కవేసుకుంది. అలాంటివాళ్లు 6,000 మంది తేలారు. ఎక్సెల్‌లో ఫైలు తయారైంది. అప్‌లోడ్ చేశాక కంపెనీ పోల్చడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. తర్వాత చూస్తే ఎంతమంది దొరికారో నూటికి ఇంత అని కనబడుతుంది. దాన్ని మ్యాచ్ రేటు అంటారు. అది బాగా తక్కువగా వస్తే తప్పు సాధారణంగా కంపెనీలో ఉండదు, ఫైలులోనే ఉంటుంది.

హ్యాష్ చేసే ముందు మాటని ఒక పద్ధతిలోకి తేవాలి. ఈమెయిల్‌లో అన్నీ చిన్నక్షరాలు చెయ్యాలి, ముందూ వెనకా ఉన్న ఖాళీలు తీసెయ్యాలి. జీమెయిల్ చిరునామాల్లో @ కి ముందున్న చుక్కలు కూడా తీసెయ్యమంటుంది గూగుల్, ఎందుకంటే జీమెయిల్ ఆ చుక్కల్ని లెక్కచెయ్యదు. ఫోనులో టైపు చేసేటప్పుడు మొదటి అక్షరం దానంతటదే పెద్దదైపోతుంది, చివర ఒక ఖాళీ చేరుతుంది. కంటికి ఆనని ఆ ఖాళీ ఒక్కటి చాలు, హ్యాష్ పూర్తిగా వేరే మనిషిదైపోతుంది.

మన దేశంలో అంతకంటే పెద్ద చిక్కు ఫోను నంబర్లతో వస్తుంది. ఇక్కడ దుకాణాల దగ్గర ఈమెయిల్ కంటే నంబరే నమ్మకమైన ఆనవాలు. క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లలో ఈమెయిల్ గడిలో నోటికొచ్చింది కొట్టేస్తారు, పార్సిల్ అందాలంటే నంబరు మాత్రం సరైనది ఇవ్వాల్సిందే. ఆ నంబర్లు కొందరివి సున్నాతో మొదలవుతాయి, కొందరివి 91తో, కొన్నిటి మధ్యలో ఖాళీలుంటాయి. గూగుల్‌కి +91 పెట్టి ఆ తర్వాత పది అంకెలు కలిపి రాయాలి. ఫేస్‌బుక్ నడిపే మెటాకి ప్లస్ గుర్తు లేకుండా 91తో మొదలుపెట్టాలి. కాబట్టి గూగుల్ కోసం ముందే హ్యాష్ చేసిన ఫైలుని మెటాలో వేస్తే ఫోను నంబర్లలో ఒక్కటీ కలవదు. తప్పు జరిగిందని ఎవరూ చెప్పరు, సున్నాకి దగ్గరగా మ్యాచ్ రేటు కనబడుతుందంతే. దీనికి తోడు ఎక్సెల్ తన పని తాను చేసుకుపోతుంది. నంబరు ముందున్న ప్లస్ గుర్తుని మింగేస్తుంది. పన్నెండు అంకెలు చూడగానే `9.19E+11` లాంటి రూపంలో చూపిస్తుంది. ఫైలుని సీఎస్‌వీగా దాస్తే ఆ కనబడే రూపమే దాంట్లోకి వెళ్తుంది. అసలు అంకెలు పోతాయి. ఆ గడుల్ని ముందే టెక్స్ట్‌గా మార్చుకోవడం తప్ప మార్గం లేదు.

ఇంకో గుర్తు చాలా ఉపయోగపడుతుంది. హ్యాష్ చేసిన ఫైలు తెరిచి `e3b0c442` తో మొదలయ్యే వరస ఉందేమో వెతకండి. అది ఖాళీ గడిని హ్యాష్ చేస్తే వచ్చే గుర్తు. ప్రపంచంలో ఎవరు చేసినా ఖాళీకి అదే వస్తుంది. అది వందలసార్లు కనబడితే వందలమంది వివరాలు లేకుండానే ఫైలులోకి వచ్చారన్నమాట. అలాగే మన కుర్రాడు ముందే హ్యాష్ చేసి పెట్టిన ఫైలుని, అప్‌లోడ్ పేజీలో మామూలు ఫైలు అని ఎంచుకుంటే కంప్యూటరు దాన్ని రెండోసారి హ్యాష్ చేస్తుంది. హ్యాష్‌కి హ్యాష్ ఎవరి ఖాతాతోనూ కలవదు. చిన్న దుకాణాలకి నా సలహా, హ్యాష్ చెయ్యడం అప్‌లోడ్ పేజీకే వదిలెయ్యడం. గూగుల్ పేజీ ఆ పనిని ఫైలు బయటికి వెళ్లకముందే మన కంప్యూటరులోని బ్రౌజర్‌లోనే చేస్తుంది.

ఇన్ని సరిచేసినా అందరూ దొరకరు. షాపింగుకి ఒక ఈమెయిలు, ఫోనులో ఉన్న గూగుల్ ఖాతాకి ఇంకో ఈమెయిలు పెట్టుకున్నవాళ్లు ఎంతోమంది. తల్లి తింటుంది, కొడుకు తన నంబరుతో ఆర్డరు పెడతాడు. మన దుకాణానికి నూటికి 60 మంది కలిశారనుకుందాం. మిగతా 40 మందికి ప్రకటన కనబడుతూనే ఉంటుంది. మినహాయింపు జాబితా ఎప్పుడూ చిల్లులున్న జల్లెడే. దాన్ని వాడేవాళ్లు ఈ లెక్క మరిచిపోకూడదు.

ఇప్పుడు డబ్బు సంగతి. దుకాణం నెలకి ప్రకటనల మీద 1,20,000 రూపాయలు పెడుతోంది. కంపెనీ నివేదికలో 400 ఆర్డర్లు కనబడుతున్నాయి. ఆర్డరుకి 300 రూపాయలు. సంతోషంగానే ఉంది. అయితే ఆ 400 ఆర్డర్లనీ సొంత పుస్తకాలతో సరిచూస్తే 180 ఆర్డర్లు నిలకడ గిరాకీవే అని తేలింది. మిగిలినవి 220. ఆ 180 మంది ఎలాగూ వచ్చేవాళ్లే అనుకుంటే, నిజంగా ప్రకటన తెచ్చిన ఒక్కో ఆర్డరుకి పడిన ఖర్చు 545 రూపాయలు.

జాబితా పెట్టి మినహాయించారు. 180లో కలిసినవాళ్లు 60 శాతం, అంటే 108 మంది ప్రకటన లెక్కలోంచి తప్పుకున్నారు. వాళ్ల మీద పోయే డబ్బు ఒక 20,000 అనుకుందాం, అది కొత్తవాళ్ల వైపు మళ్లింది. కొత్తవాళ్లని పట్టడం ఖరీదు, తలకి 800 చొప్పున 25 ఆర్డర్లు వచ్చాయి. వచ్చే నెల నివేదికలో 317 ఆర్డర్లు కనబడతాయి. అదే ఖర్చుకి అంటే ఆర్డరుకి 379 రూపాయలు. నివేదిక చూస్తే మినహాయింపు పెట్టి ప్రకటనల్ని పాడుచేసినట్టే కనబడుతుంది.

ఇదే ఈ విషయంలో నన్ను ఎక్కువగా బాధపెట్టే అంశం. దుకాణానికి మేలు జరిగిన నెలలోనే నివేదిక కీడు జరిగినట్టు చూపిస్తుంది. ప్రకటనలు నడిపే ఏజెన్సీ ఈ నివేదికతోనే తన పనితనం చూపించుకోవాలి కాబట్టి, మినహాయింపు పెడదామని ఏజెన్సీ అడిగే అవకాశం తక్కువ. పెట్టమని దుకాణదారే అడగాలి. పెట్టాక అంకెలు పడిపోయాయని భయపడి తీసెయ్యకుండా ఆగాలి. చూడవలసింది కంపెనీ నివేదిక కాదు, సొంత పుస్తకంలో నెల మొత్తం ఆర్డర్లు. తప్పుకున్న 108 మందిలో 100 మంది నేరుగా వచ్చి కొన్నారా? అయితే 417. అదే ఖర్చుకి ముందు వచ్చినదానికంటే 17 ఎక్కువ, పైగా 25 మంది కొత్తవాళ్లు. 60 మందే వచ్చారా? అయితే 377, నష్టపోయాం. ఈ ఉదాహరణలో సరిహద్దు 83 దగ్గరుంది.

నిజంగా 100 మంది వస్తారా, 60 మంది వస్తారా అనేది ఊహతో తేలదు. పచ్చడి అయిపోగానే గుర్తు పెట్టుకుని వెతికేవాళ్లు వేరు, ప్రకటన కనబడ్డప్పుడే గుర్తొచ్చేవాళ్లు వేరు. తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ఆ 6,000 మందిలో కస్టమరు వరస సంఖ్య సరి అంకె అయినవాళ్లని మాత్రమే మినహాయింపు జాబితాలో పెట్టాలి, బేసి అంకెవాళ్లని వదిలెయ్యాలి. రెండు నెలలయ్యాక సొంత పుస్తకంలో రెండు సగాలూ ఎన్నేసి కొన్నాయో చూడాలి. బేసి సగంలో 3,000 మందికి 600 మంది, సరి సగంలో 585 మంది కొన్నారనుకోండి. 15 తేడా. ఈ పరిమాణంలో ముప్పై దాకా తేడా కేవలం యాదృచ్ఛికంగానే రావచ్చు కాబట్టి, ప్రకటన ఆపినందువల్ల గిరాకీ పోయినట్టు ఆధారం లేదు. 500కి పడిపోయిందా, అప్పుడు ప్రకటన వాళ్లకి జ్ఞాపకం చేస్తోందన్నమాట, మళ్లీ పెట్టుకోవాలి. జాబితాలో కొంతమందే కలిశారు కాబట్టి అసలు ప్రభావం కనబడినదానికంటే పెద్దదని కూడా గుర్తుంచుకోవాలి. ఈబే చేసింది మూలంలో ఇదే పని. దానికి లక్షల డాలర్లు అక్కర్లేదు.

జాబితా ఒకసారి పెట్టి మరిచిపోయేది కూడా కాదు. నిన్న రెండోసారి కొన్నవాడు ఇంకా అందులో లేడు. ఏడాదిగా కొననావిడ ఇంకా అందులోనే ఉంది, ఆవిడకి ఇప్పుడు ప్రకటన నిజంగా అవసరం. పచ్చళ్లు, కారాలు అమ్మేవాళ్లకి ఆర్నెల్ల కిటికీ సరిపోతుంది. ఫ్రిజ్‌లు అమ్మేవాడికి అది ఏళ్లలో ఉండాలి. వారానికొకసారి ఫైలు మార్చడం చిన్న దుకాణానికి చాలు.

ఇక అనుమతి విషయం. మన కస్టమరు ఈమెయిలుని ఇంకో కంపెనీకి ఇస్తున్నాం, హ్యాష్ రూపంలోనే అయినా. జర్మనీలో బవేరియా రాష్ట్రపు డేటా పరిరక్షణ సంస్థ ఒక ఆన్‌లైన్ దుకాణం మీద ఈ విషయంలోనే చర్య తీసుకుంది. కస్టమర్ల ఈమెయిళ్లు హ్యాష్ చేసి, వాళ్ల అనుమతి అడక్కుండా ఫేస్‌బుక్‌కి ఎక్కించి ప్రకటనలు చూపించిందా దుకాణం. ఆ జాబితా తీసెయ్యమంది సంస్థ. దుకాణం కోర్టుకెక్కింది. 2018 మే నెలలో బైరాయిత్ పాలనా న్యాయస్థానం, సెప్టెంబరులో మ్యూనిక్‌లోని పై న్యాయస్థానం రెండూ సంస్థ మాటే నిలబెట్టాయి. ఫేస్‌బుక్ అవే హ్యాష్‌లు తీసి ఎవరు ఎవరో పోల్చుకోగలుగుతుంది కాబట్టి అది అనామకం కాదన్నాయి. కెనడాలో 2023 జనవరిలో ఇలాంటిదే బయటపడింది. హోమ్ డిపో అనే గృహోపకరణాల దుకాణం, బిల్లు ఈమెయిల్‌లో పంపమని ఇచ్చినవాళ్ల చిరునామాలు హ్యాష్ చేసి, వాళ్లు కొన్నవాటి వివరాలతో మెటాకి పంపింది. తన ఫేస్‌బుక్ ఖాతా తీసెయ్యబోయిన ఒకాయన, తాను దుకాణానికి వెళ్లి కొన్నవాటి చిట్టా అక్కడ ఉండటం చూసి ఫిర్యాదు చేశాడు. బిల్లు కోసం ఇచ్చిన ఈమెయిలు ఈ పనికి ఇచ్చినట్టు కాదని ఆ దేశపు ప్రైవసీ కమిషనర్ తేల్చారు.

మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. ఏ పనికి వివరాలు తీసుకుంటున్నారో స్పష్టంగా చెప్పి అనుమతి అడగాలని, ఆ మాటల్ని ఇంగ్లీషులో గానీ ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలుండాలని చట్టం చెబుతోంది. అంటే మన దుకాణం ఆర్డరు పేజీలో ‘మీ నంబరుని గూగుల్, మెటా ఖాతాలతో పోల్చి, మీకు అనవసరంగా ప్రకటనలు కనబడకుండా చూడటానికి వాడుకోవచ్చా?’ అని తెలుగులో ఒక గడి పెట్టాలి, ముందే టిక్కు పెట్టకుండా. వద్దన్నవాళ్ల పేరు ఏ ఫైలులోకీ వెళ్లకూడదు. ఇది కష్టమైన ప్రశ్న కాదు, అడిగితే చాలామంది ఒప్పుకుంటారనే నా నమ్మకం.

అసలు ప్రమాదం మాత్రం చాలాసార్లు ఇంకా ముందే జరిగిపోతుంది. హ్యాష్ చెయ్యని ఎక్సెల్ ఫైలు, పేర్లతో, నంబర్లతో, చిరునామాలతో సహా, ఏజెన్సీ కుర్రాడికి వాట్సాప్‌లో వెళ్తుంది. అతని ఫోనులో, లాప్‌టాప్‌లో, డౌన్‌లోడ్స్ ఫోల్డరులో అది ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఆ కుర్రాడు రేపు పోటీ దుకాణానికి పనిచేస్తాడు. 64 అక్షరాల గుర్తులు ఈ చిల్లుని పూడ్చలేవు. ఫైలు దుకాణంలోని ఒక్క కంప్యూటరులోనే ఉండాలి, అప్‌లోడ్ దుకాణం మనిషే చెయ్యాలి, ఏజెన్సీకి తయారైన గుంపు పేరు మాత్రమే కనబడాలి.

మినహాయింపు జాబితా కొనుగోలుదారుకి మేలు చేసేదనే ఇంతవరకూ అనుకున్నాం. అది ఇంకోరకంగానూ వాడతారు. ‘మొదటి ఆర్డరుకి 20 శాతం తగ్గింపు’ అనే ప్రకటన కొత్తవాళ్లకే కనబడాలి, మూడేళ్లుగా పూర్తి ధర ఇస్తున్న బెంగళూరు ఆవిడ కంట పడకూడదు. అందుకోసం పెట్టే జాబితా ఇదే. ప్రకటన ఖర్చు తగ్గించుకోవడం న్యాయమే. నమ్మకంగా కొనేవాళ్లకి తక్కువ ధర సంగతి తెలియకుండా దాచడానికి వాళ్లు ఇచ్చిన నంబరునే వాడటం నాకు న్యాయంగా తోచదు. ఫేస్‌బుక్‌లో యాడ్ ప్రిఫరెన్సెస్‌లోకి వెళితే తమ జాబితాల్లో మిమ్మల్ని పెట్టుకున్న వ్యాపారాల పేర్లు కనబడతాయి. ఒక్కో పేరు నొక్కితే అక్కడ రెండు ప్రశ్నలుంటాయి. జాబితా ఆధారంగా ఈ వ్యాపారం మీకు ప్రకటనలు చూపించవచ్చా అన్నది ఒకటి. జాబితా ఆధారంగా మిమ్మల్ని ప్రకటనల నుంచి తప్పించవచ్చా అన్నది రెండోది. రెండో దానికి ‘వద్దు’ అని పెట్టుకున్నవాళ్లకి ఆ తగ్గింపు ప్రకటన కూడా కనబడవచ్చు.